జెండా చప్టా మీద వెలుగు చుక్క

1986 సెప్టెంబరు 5, శుక్రవారం. అనంతపురానికి ఆనుకుని ఉన్న మా జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆరోజు స్వపరిపాలన దినం. రాధాకృష్ణన్ గారి పుట్టినరోజని పదో తరగతి వాళ్లం ఒక్క పూటకి అయ్యవార్లమయ్యేవాళ్లం. నాకు లెక్కల సార్ వంతు వచ్చింది. మా నాయన తెల్లచొక్కా తొడుక్కుని, చేతులు నాలుగు మడతలు పైకి మడిచి, జేబులో ఎర్ర ఇంకు పెన్ను పెట్టుకుని తొమ్మిదో తరగతి గదిలోకి పోయినాను. అసలు లెక్కల సార్ అప్పటికే వచ్చి చివరి బెంచీలో పిల్లల నడుమ ఒదిగి కూర్చున్నారు.

వృత్తం చుట్టుకొలత పాఠం. బండి చక్రం, గాజు, బావి గట్టు చెప్పి, ఊపు మీద భూమి దాకా పోయినాను. "భూమి చుట్టుకొలత 40 వేల కిలోమీటర్లు" అని బోర్డు మీద రాశాను. వెనక బెంచీలోంచి చెయ్యి లేచింది. సార్ చెయ్యి.

"సార్, ఆ 40 వేలు ఎవరు కొలిచినారు?"

"పుస్తకంలో ఉంది" అన్నాను.

"పుస్తకం రాసినాయనకు ఎట్ల తెలిసింది సార్?"

పిల్లలు నవ్వారు. ఆయన నవ్వలేదు. తెలియని పిల్లవాడు తెలిసిన అయ్యవారి ముఖంలోకి ఎట్లా చూస్తాడో అట్లానే నావైపు చూస్తున్నారు. సుద్దముక్క పట్టుకుని నిలబడిపోయాను. సాయంత్రం బడి వదిలాక స్టాఫ్ రూము బయట నన్ను ఆపి, "నిన్ను ఇరుకున పెట్టల్లని అడగలేదప్పా. నిజంగానే అడిగినా. మనమే కొలుద్దామా?" అన్నారు.

నేనిప్పుడు సర్వే శాఖలో పనిచేస్తున్నాను. ముప్ఫై ఏళ్లకు పైగా గొలుసుతో, టేపుతో, ఇప్పుడు ఉపగ్రహాల సంకేతం పట్టే పరికరంతో పొలాల గట్లు కొలుస్తున్నాను. ఉపాధ్యాయ దినోత్సవం వచ్చినప్పుడల్లా ఆయన్ని తలుచుకుంటాను. ఆయన మంచివారు, ఓపికమంతులు అని రాస్తే అది నిజమే అవుతుంది కానీ ఆయన ఎవరో మీకు తెలియదు. ఆ సెప్టెంబరులో ఆయన మాతో భూమిని ఎట్లా కొలిపించారో చెబితే తెలుస్తుంది.

ఊహ పాతదే. రెండు వేల రెండు వందల ఏళ్ల కిందట ఈజిప్టులోని అలెగ్జాండ్రియా గ్రంథాలయానికి పెద్దగా ఉన్న ఎరటోస్తనీస్ చేసిన పని. దక్షిణాన సైనీ అనే ఊళ్లో, ఇప్పటి అస్వాన్‌లో, ఏడాదికొక రోజు మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వచ్చి నీడ మాయమవుతుంది. అదే వేళకు అలెగ్జాండ్రియాలో నీడ ఉంటుంది. అక్కడ సూర్యుడు నడినెత్తి నుంచి వృత్తంలో 50వ వంతు పక్కకు జరిగి ఉన్నాడని ఆయన నీడ కొలిచి తేల్చాడు. అంటే ఆ రెండు ఊళ్ల నడుమ దూరానికి 50 రెట్లు భూమి చుట్టుకొలత.

సార్ ఈ కథ మాకు చెప్పి ఊరుకోలేదు. "మన దగ్గర నీడ మాయం కావాల్సిన పని లేదు. ఒకదానికి ఒకటి ఉత్తర దక్షిణంగా ఉండే రెండు ఊళ్లు, రెండు నీడలు చాలు. సూర్యుడు ఎంతో దూరాన ఉన్నాడు కాబట్టి రెండు ఊళ్లకూ ఎండ ఒకే దిక్కు నుంచి వస్తుంది. రెండు చోట్ల నీడ వంపులో తేడా వచ్చిందంటే అది ఎండ తేడా కాదు, మనం నిలబడిన నేల తేడా. నేల వంగిందన్నమాట" అన్నారు. మా ఊరికి జత ఊరు కావాలి. ఆయనతో బి.ఇడి చదివిన స్నేహితుడు ఆదిలాబాద్ దగ్గర లెక్కల మాస్టరుగా పనిచేస్తున్నాడు. అప్పుడు రాష్ట్రం ఒకటే. గోడకు తగిలించిన ఆంధ్రప్రదేశ్ మ్యాపులో అనంతపురం అడుగున, ఆదిలాబాద్ నెత్తిన ఉన్నాయి. ఆదిలాబాద్ కాస్త తూర్పుకి జరిగి ఉన్నా, పెద్ద తేడా లేదు.

పదిహేను పైసల కార్డు మీద చీమతలకాయలంత అక్షరాలతో ఆయన రాసిన ఉత్తరాన్ని మాతో చదివించి మరీ డబ్బాలో వేశారు. సెప్టెంబరు 22, 23, 24 అని మూడు రోజులు పెట్టుకున్నారు. మూడెందుకు అని అడిగాను. "మబ్బు మన మాట వింటుందా?" అన్నారు.

రెండు వారాలు టైముంది. ఆ రెండు వారాల్లో నేను నేర్చుకున్నది మిగతా పదేళ్ల చదువులో నేర్చుకోలేదని ఇప్పటికీ అనుకుంటాను.

మొదట మేం చేసింది అందరూ చేసేదే. మీటరు కట్టె తెచ్చి జెండా చప్టా మీద నిలబెట్టి నీడ కొలిచాం. ఒక్కొక్కరు ఒక్కో కొలత చెప్పారు. ఒకడు 22 సెంటీమీటర్లంటే ఇంకొకడు 23 అన్నాడు. సార్ మోకాళ్ల మీద కూర్చుని నీడ కొస చూపించారు. "ఇది ఎక్కడ ఆగిందో చెప్పండి." అప్పుడు చూశాం. నీడ కొస కత్తితో కోసినట్టు ఉండదు. నల్లగా మొదలై, బూడిద రంగుకి తిరిగి, ఎక్కడో ఎండలో కరిగిపోతుంది. సూర్యుడు చుక్క కాదు, పళ్లెం. పళ్లెం పై అంచు ఒక నీడ వేస్తుంది, కింది అంచు ఇంకొక నీడ వేస్తుంది. మీటరు కట్టెకు ఆ మసక దాదాపు సెంటీమీటరు వెడల్పు ఉంటుంది.

సెంటీమీటరే కదా అనిపిస్తుంది. ఆయన బోర్డు మీద లెక్కకట్టి చూపించారు. మీటరు కట్టెకు సెంటీమీటరు తప్పంటే అర డిగ్రీకి పైగా తప్పు. రెండు ఊళ్ల మధ్య మాకు రావలసిన తేడానే 5 డిగ్రీలు. అంటే పదింట ఒక వంతు పోయింది. భూమి చుట్టుకొలతలో 4 వేల కిలోమీటర్లు ఆ మసకలో కలిసిపోతాయి.

మరునాడు డాల్డా డబ్బా మూత ఒకటి తెచ్చారు. దాని నడుమ సన్నటి మేకుతో ఒక బొక్క పొడిచారు. ఎత్తైన ఇనప కడ్డీకి అడ్డంగా చెక్క కట్టి, దాని కొసన ఆ మూత బిగించారు. ఇక నీడ కొస కొలిచే పనే లేదు. మూత నీడ నడుమ చిన్న గుండ్రటి వెలుగు చుక్క పడింది. అది సూర్యుడి బొమ్మ. అంచు మసకగానే ఉన్నా దాని నడిమధ్య ఎక్కడో ఎవరైనా గుర్తుపట్టగలరు. ఎనిమిది మందిమి ఒకరి తర్వాత ఒకరం సుద్దతో చుక్క పెట్టాం. ఎనిమిది చుక్కలూ ఒక పప్పుగింజ కింద దాక్కునేంత దగ్గరగా వచ్చాయి.

తర్వాతి చిక్కు నిలువు. కడ్డీ ఒక్క డిగ్రీ పక్కకు ఒరిగినా కొలత పాడవుతుంది. గోడ కట్టే మేస్త్రి దగ్గర నుంచి గుండుదారం అడిగి తెచ్చి, దారాన్ని మూత బొక్కలోంచి కిందికి వదిలారు. గుండు కొన నేలను తాకే చోట సుద్దతో గుర్తు పెట్టించారు. "కడ్డీ వంకరైతే కానీ. మనకు కడ్డీతో పని లేదు. బొక్క నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది, బొక్కకు సరిగ్గా కింద ఏ చోటుంది, వెలుగు చుక్క ఆ చోటికి ఎంత దూరంలో పడింది, ఈ మూడే కావాల" అన్నారు. బొక్క ఎత్తు 200 సెంటీమీటర్లకు సరిచేశాం. చప్టా మట్టం కూడా అదే మేస్త్రి నీళ్ల గొట్టం పెట్టి చూశాడు. ఈ సంగతులన్నీ మూడు బొమ్మలతో రెండో కార్డు మీద ఆదిలాబాద్ పోయాయి.

ఇంక మధ్యాహ్నం ఎప్పుడు? పన్నెండు గంటలకే కదా అన్నాం. మన గడియారాలు కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖను బట్టి నడుస్తాయి. సూర్యుడు అక్కణ్నుంచి అనంతపురం నెత్తికి రావడానికి దాదాపు 20 నిమిషాలు పడుతుంది. ఆ పైన సెప్టెంబరు చివరలో సూర్యుడు గడియారం కంటే ఏడెనిమిది నిమిషాలు ముందుంటాడు. అన్నీ కలిపితే మా ఊళ్లో అసలు మధ్యాహ్నం 12 దాటి 12 నిమిషాలకు. అయినా గడియారాన్ని నమ్మొద్దన్నారు సార్. పదకొండున్నర నుంచి ఒంటిగంట దాకా అయిదు నిమిషాలకొకసారి వెలుగు చుక్క నడుమ గుర్తు పెట్టమన్నారు. గుర్తులన్నీ కలిపితే గీత వస్తుంది. గుండు తాకిన చోటు నుంచి ఆ గీతకు లంబం గీస్తే అదే మధ్యాహ్నపు కొలత, అదే ఉత్తర దిక్కు. ఆ రోజుల్లో, పగలూ రాత్రీ సమానమయ్యే వేళ, ఆ గీత దాదాపు తిన్నగా తూర్పు పడమరలుగా వస్తుంది కాబట్టి లంబం గీయడం మరీ తేలిక. మన పూర్వులు శంకువు నాటి దాని నీడతో దిక్కులు తేల్చుకున్న పద్ధతికి ఇది చుట్టమేనని, ఇంటికి శంకుస్థాపన అనే మాటలో ఉన్నది ఆ శంకువేనని అప్పుడే చెప్పారు.

22వ తేదీ సోమవారం ఎండ బాగా కాసింది. మాకు వచ్చిన కొలత 50.9 సెంటీమీటర్లు. 23న మబ్బులు వస్తూ పోతూ ఉన్నా సరిపడా గుర్తులు పడ్డాయి. 52.3. 24న పొద్దున్నించీ ముసురు. మేం మూత ముట్టుకోలేదు. గణిత పట్టికల పుస్తకంలో టాంజెంటు పేజీ తీసి చూస్తే, మొదటి రోజు సూర్యుడు నడినెత్తి నుంచి 14.3 డిగ్రీలు, రెండో రోజు 14.7 డిగ్రీలు దక్షిణానికి వంగి ఉన్నట్టు తేలింది.

వారం తర్వాత ఆదిలాబాద్ నుంచి కార్డు వచ్చింది. అసెంబ్లీ అయ్యాక సార్ దాన్ని పైకెత్తి చూపించారు. అక్కడ రెండు రోజులు వాన. ఎండ కాసింది 24న ఒక్కరోజే. వాళ్ల కొలత 72.9 సెంటీమీటర్లు. అంటే 20 డిగ్రీలు. కార్డు అడుగున ఆ మాస్టరు ఒక వాక్యం కలిపారు: "మీ నీడ అంత పొట్టిగా ఎందుకుందని మా పిల్లలు అడుగుతున్నారు."

ఇంక దూరం కావాలి. నేను బస్సు దూరం చెప్పబోయాను. "రోడ్డు ఊరూరికీ పలకరించుకుంటూ పోతుందప్పా, మనకు గీత కావాల" అన్నారు. గోడ మ్యాపు దించి బల్ల మీద పరిచాం. అందులో సెంటీమీటరుకు 20 కిలోమీటర్లు. ఆదిలాబాద్ నుంచి అడ్డంగా ఒక గీత, అనంతపురం నుంచి నిలువుగా ఒక గీత గీసి, నిలువు గీతను కొలిస్తే 27.6 సెంటీమీటర్లు వచ్చింది. 552 కిలోమీటర్లు. ఇంతకీ ఏటవాలు దూరం తీసుకోకుండా నిలువు గీతే ఎందుకంటే, మధ్యాహ్నపు కొలతలో తేడా తెచ్చేది ఉత్తర దక్షిణపు దూరం ఒక్కటే. తూర్పు పడమరల్లో జరిగితే మధ్యాహ్నం ముందు వెనకలవుతుంది, అంతే.

బోర్డు దగ్గరికి నన్ను పిలిచారు. మా 22వ తేదీ కొలత, వాళ్ల 24వ తేదీ కొలత తీసుకుని 20 నుంచి 14.3 తీసేశాను. 5.7 డిగ్రీలు. 360ని దాంతో భాగించి 552తో గుణించాను. 34,863 కిలోమీటర్లు.

గదంతా చప్పుడు లేదు. పుస్తకంలో 40 వేలు. మేం రెండు వారాలు పడ్డ పాటు, డాల్డా మూత, గుండుదారం, ఎనిమిది మంది పెట్టిన చుక్కలు, అన్నీ కలిసి 5 వేల కిలోమీటర్లు తక్కువ చెప్పాయి. నాకు కళ్లలో నీళ్లు తిరిగినంత పనైంది. డస్టరు అందుకున్నాను.

సార్ నా చెయ్యి పట్టుకున్నారు. "తుడవొద్దు."

ఆ నాలుగు అక్షరాల పొడవు మాట నన్ను ఎంత దూరం తీసుకొచ్చిందో ఆయనకు నేను ఎప్పుడూ సరిగ్గా చెప్పలేకపోయాను. ఆయన ఆ సంఖ్య చుట్టూ సుద్దతో గుండ్రంగా గీత గీసి, బోర్డు ఒక మూల అలాగే ఉంచారు. "ఇది తప్పు కాదు. ఇది మనకేదో చెబుతోంది. ఏం చెబుతోందో రేపటికి కనుక్కొని రాండి" అని గంట కొట్టకముందే వెళ్లిపోయారు.

మరునాడు కనుక్కొచ్చింది నేను కాదు, మూడో వరుసలో కూర్చునే ఒక అమ్మాయి. "సార్, మన కొలతలే రెండు రోజులకు రెండు రకాలుగా వచ్చినాయి కదా. మన ఊరు జరగలేదు. మరి సూర్యుడు జరిగినాడా?" అని అడిగింది. సార్ ముఖం వెలిగిపోవడం నాకింకా గుర్తుంది.

సెప్టెంబరులో సూర్యుడు రోజుకు దాదాపు 0.4 డిగ్రీ చొప్పున దక్షిణానికి జారుతుంటాడు. ఏడాది మొత్తంలో ఆ జారుడు ఎక్కువగా ఉండే రోజులు రెండు విషువాల దగ్గరవే, మేం ఏరి కోరి పెట్టుకున్నవి అవే. మా కొలత ఒక రోజుది, వాళ్ల కొలత రెండు రోజుల తర్వాతిది. నేల వంపు వల్ల వచ్చిన తేడాలో సూర్యుడు జారిన తేడా కూడా కలిసిపోయింది. ఒకటే రోజు కొలిచి ఉంటే సూర్యుడు ఎక్కడున్నా పరవాలేదు, రెండు ఊళ్లకూ అది సమానం కాబట్టి తీసివేతలో పోతుంది.

24న మాకు ఎండ లేదు. కానీ 22న 14.3, 23న 14.7 ఉన్నాయి. రోజుకు 0.4 చొప్పున పెరిగితే 24న మా కొలత 15.1 అయి ఉండాలి. 20 నుంచి 15.1 తీసేస్తే 4.9 డిగ్రీలు. ఈసారి లెక్క చేసింది ఆ అమ్మాయి. 40,555 కిలోమీటర్లు వచ్చింది. ధ్రువాల మీదుగా భూమి చుట్టుకొలత సుమారు 40,008 కిలోమీటర్లు. నూటికి ఒకటిన్నర కంటే తక్కువ తేడా, డాల్డా మూతతో.

మేం ఎగిరి గంతులేశాం. సార్ కూడా సంబరపడ్డారు, కాకపోతే ఆ రోజే రెండు సంగతులు చెప్పారు. మొదటిది, మా కొలతలో డిగ్రీలో పదో వంతు అటూ ఇటూ అయితే జవాబు 800 కిలోమీటర్లు మారుతుంది, కాబట్టి ఇంత దగ్గరగా రావడంలో అదృష్టం కూడా ఉందని. మా నోటుబుక్కుల్లో "సుమారు 40,500" అనే రాయించారు, చివరి 55ను ఉంచుకునే హక్కు మాకు లేదన్నారు. రెండోది ఆయన మళ్లీ వెనక బెంచీలో కూర్చుని అడిగారు. "సూర్యుడు దగ్గరలోనే ఉన్నాడు, భూమి బల్లలాగా చదునుగా ఉంది అనుకుందాం. అప్పుడు కూడా రెండు ఊళ్లలో రెండు నీడలు ఇట్లే పడవా?"

పడతాయి. దీపం కింద రెండు అగ్గిపుల్లలు నిలబెట్టి ఆయనే చూపించారు. మా రెండు కొలతలు పట్టుకుని చదును భూమి మీద సూర్యుడి ఎత్తు లెక్కకట్టమన్నారు. 6 వేల కిలోమీటర్లకు కాస్త లోపల వచ్చింది. రెండే నీడలతో ఈ తగువు తీరదు. ఎరటోస్తనీస్ కూడా భూమి గుండ్రంగా ఉందని, సూర్యుడు చాలా దూరమని ముందే ఒప్పుకుని కొలిచాడు. మరి మాకెట్లా తెలియాలి? డాల్డా మూత మళ్లీ పని చేసింది. సూర్యుడు 6 వేల కిలోమీటర్ల ఎత్తులోనే ఉంటే, పొద్దున తొమ్మిదింటికి ఏటవాలుగా ఉన్నప్పుడు మధ్యాహ్నం కంటే చాలా దూరమవుతాడు. దూరమైన వస్తువు చిన్నగా కనపడాలి. బొక్కకు రెండు మీటర్ల దూరంలో, ఎండకు ఎదురుగా తెల్లకాగితం పట్టుకుని వెలుగు పళ్లెం వెడల్పు కొలిచాం. మధ్యాహ్నం రెండు సెంటీమీటర్లకు కాస్త పైన. సూర్యుడు దగ్గరివాడైతే పొద్దున అది సెంటీమీటరున్నరకు అటూ ఇటూగా తగ్గాలి. తగ్గలేదు. పొద్దున్నా, మధ్యాహ్నమూ, సాయంత్రమూ అదే వెడల్పు. రోజంతా ఒక్క పరిమాణంలో కనిపించాడంటే, మా ఊరి కొలతలు ఆయనకు లెక్కలోకి రానంత దూరాన ఉన్నాడు.

అదే అమ్మాయి మ్యాపు గురించి కూడా అడిగింది. మ్యాపులో 552 కిలోమీటర్లని ఉన్నదాన్ని మనం నమ్మినాం కదా, దాన్ని ఎవరు కొలిచినారు, వాళ్లు భూమి చుట్టుకొలత ముందే తెలిసి కొలిచి ఉంటే మనం చుట్టూ తిరిగి వాళ్ల దగ్గరికే వచ్చినట్టు కదా అని. ఆ ప్రశ్నకు జవాబుగా ఒక ఆదివారం సార్ మా అయిదారుగురిని రైలెక్కించి గుత్తికి తీసుకుపోయారు.

విలియం లాంబ్టన్ అనే బ్రిటిష్ సైన్యాధికారి 1802లో మద్రాసు దగ్గర నేల మీద ఒక గీతను ఉక్కు గొలుసుతో కొలిచి ఒక పని మొదలుపెట్టాడు. ఆ గీత రెండు కొసల నుంచి దూరపు గుట్టను చూసి కోణాలు కొలిస్తే, మిగతా రెండు భుజాలు లెక్కలో వస్తాయి, గొలుసు పరచనక్కర్లేదు. ఆ భుజం మీద ఇంకో త్రిభుజం, దాని మీద ఇంకొకటి. దేశం దక్షిణపు కొస నుంచి ఉత్తరంగా, 78 డిగ్రీల రేఖ దగ్గరగా అట్లా త్రిభుజాల వరుస సాగింది. మా అనంతపురం, ఆ ఆదిలాబాద్ రెండూ ఆ రేఖకు పక్కపక్కనే ఉన్నాయి. దూరం పోయేకొద్దీ తప్పులు పోగుపడతాయి కాబట్టి అక్కడక్కడ మళ్లీ నేల మీద గొలుసు పరిచి, లెక్కలో వచ్చిన పొడవు సరిపోయిందో లేదో చూసుకునేవాళ్లు. 1811లో అట్లా గొలుసు పరిచిన చోట్లలో గుత్తి ఒకటి. అంటే మ్యాపులోని మా 552 కిలోమీటర్ల అడుగున ఎక్కడో గుత్తి మట్టి మీద పరిచిన గొలుసు ఉంది. అది భూమి చుట్టుకొలత నుంచి పుట్టిన దూరం కాదు, నేల నుంచి పుట్టింది. ఆ త్రిభుజాలు పోయిన దారి పొడుగునా లాంబ్టన్ నక్షత్రాలు నడినెత్తికి ఎంత పక్కగా దాటుతున్నాయో కూడా కొలిచాడు. మేం సూర్యుడితో చేసిన పనే ఆయన నక్షత్రాలతో చేశాడు. భూమి ఆకారం తేల్చుకోవడం ఆయన కోరికల్లో ఒకటి. 1823లో హింగన్‌ఘాట్ దగ్గర పని మీద ఉండగానే చనిపోయాడు.

గుత్తి కోట బురుజు మీద కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న చిత్రాన్నం తింటూ ఇదంతా విన్నాం. కింద పొలాలు, రైలు పట్టాలు, దూరంగా గుట్టలు. ఆ గుట్ట నుంచి ఈ గుట్టకు చూపు పోయి తిరిగొస్తే త్రిభుజం అవుతుందని వేలుతో గాలిలో గీసి చూపించారు. నేను సర్వేయరు కావాలని అనుకున్నది అక్కడే. ఆ మాట సార్‌కి అప్పుడే చెప్పాను. "అయితే ఫీల్డు బుక్కు ఎట్ల రాయాలో ఇప్పుడే నేర్చుకో" అని అక్కడే నా నోటుబుక్కు తీసుకుని చూపించారు. తప్పు అంకె పడితే దాని మీద అంకె దిద్దకూడదు. రబ్బరు పెట్టకూడదు. ఒక్క గీత కొట్టి, పాత అంకె కనపడేటట్టే ఉంచి, పైన సరైనది రాయాలి.

ఉద్యోగంలో చేరాక శిక్షణలో మొదటి రోజు చెప్పింది సరిగ్గా అదే. నా పక్కన కూర్చున్నవాళ్లు దాన్ని నియమంగా రాసుకున్నారు. నాకు మాత్రం బోర్డు మూలన సుద్ద గీత నడుమ ఉన్న 34,863 కనిపించింది.

ఆ అలవాటు ఎంత పనికొచ్చిందో ఒక్కటి చెబుతాను. కొన్నేళ్ల కిందట అన్నదమ్ముల గట్టు తగాదాలో నా కొలతకు, పాత సర్వే కొలతకు దాదాపు రెండు మీటర్ల తేడా వచ్చింది. రెండోసారి కొలిచినా అంతే. పాతది తప్పని రాసేస్తే ఒక తమ్ముడికి రెండు మీటర్ల నేల పోతుంది. నా మొదటి కొలత కొట్టేసి ఊరుకుంటే అన్నకు పోతుంది. రెండు అంకెలూ పుస్తకంలో అట్లే ఉంచి, ఆ తేడా ఏం చెబుతోందని రెండు రోజులు ఆ పొలంలో తిరిగాను. చివరికి దొరికింది. నేను మొదలుపెట్టిన సర్వే రాయిని కాలవ పూడిక తీసినప్పుడు పెరికి, ఎవరో మంచి మనసుతోనే మళ్లీ పాతారు, పాత చోటికి రెండు మీటర్ల అవతల. ఇంకో రెండు రాళ్ల నుంచి కొలుచుకొస్తే పాత కొలత, కొత్త కొలత కలిశాయి. సూర్యుడు జరిగినట్టే రాయి జరిగింది. ఆ సాయంత్రం సార్‌కి ఫోన్ చేసి చెప్పాను. అప్పటికాయనకు వినికిడి తగ్గింది. రెండుసార్లు చెప్పించుకుని, "రెండు అంకెలూ పుస్తకంలో ఉన్నాయి కదా?" అని మాత్రం అడిగారు.

సార్ పోయి నాలుగేళ్లయింది. పెద్దకర్మ రోజున అమ్మగారు నాకొక నోటుబుక్కు తెచ్చిచ్చారు. ఆ ఏడాది పాఠాల పుస్తకం. మధ్యలో ఆదిలాబాద్ కార్డు అంటించి ఉంది. ఎదుటి పేజీలో ఆయన దస్తూరీలో మూడు రోజుల కొలతలు, పక్కన ఎనిమిది మంది పిల్లల పేర్లు. 24వ తేదీకి ఎదురుగా "ముసురు" అని రాసి ఉంది. ఆ పేజీలో నాకు తెలియని సంగతి ఒకటుంది. పాఠం తేదీకి ముందే, 22వ తేదీ సాయంత్రమే, ఆయన పక్కన చిన్నగా రాసుకున్నారు: రోజు తేడా వస్తే 0.4, పిల్లలకు చెప్పొద్దు, వాళ్లే పట్టుకోవాలి. నా చేతిలో డస్టరు చూసినప్పుడు ఆయనకు జవాబు తెలుసు. ఒక పూటంతా మేం దిగులుపడుతుంటే చూస్తూ, నోరు మెదపకుండా ఉండగలిగారు. ఆయన చేసిన పనుల్లో కష్టమైనది అదేనని, నా దగ్గర కొత్తగా చేరిన కుర్రవాళ్లకు పని నేర్పుతున్నప్పుడల్లా తెలుస్తుంటుంది. జవాబు నాలుక చివరిదాకా వస్తుంది.

మా బడి జెండా చప్టా మీద కొత్తగా సిమెంటు పూశారు. పోయిన నెల అక్కడి లెక్కల టీచరమ్మను కలిసి సంగతంతా చెప్పి, నోటుబుక్కు పేజీల జిరాక్సు ఇచ్చాను. డాల్డా డబ్బాలు ఇప్పుడు దొరకడం లేదని ఆమె బిస్కెట్ల డబ్బా మూత చూసి పెట్టుకున్నారు. ఆదిలాబాద్ వైపు ఒక బడికి ఫోన్ చేశాం. ఇప్పుడది వేరే రాష్ట్రం. ఫోనెత్తిన మాస్టారు చిన్నవాడు, గొంతు బట్టి చూస్తే నా కొడుకు ఈడు. ఓపిగ్గా విని, ఎత్తు ఎంత పెట్టాలి, గుండుదారం ఎక్కడ వదలాలి అన్నీ రాసుకుని, ఆఖరున అడిగాడు.

"ఆ రోజు మబ్బుంటే ఎట్ల సార్?"

"మూడు రోజులు పెట్టుకుందాం" అన్నాను.